పొట్టు, కాడ, లేతాకు



వంటింట్లో కూరలు తరిగే చోటు నుంచి ఈ ప్రసంగం మొదలుపెడదాం. ఇంటికి అరకిలో బీరకాయలు వచ్చాయి. ఈనెలు గీశారు. చెక్కు తీశారు. తలా తోకా కోసేశారు. ముక్కలు కూర గిన్నెలోకి వెళ్లాయి. పక్కన ఆకుపచ్చని కుప్ప ఒకటి మిగిలింది. ఆ కుప్పను తూకం వేస్తే 80 నుంచి 100 గ్రాముల దాకా తూగుతుంది. డబ్బు పెట్టి కొన్న కాయలో ఇంచుమించు ఐదో వంతు అది. చాలా ఇళ్లలో అది నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. కొన్ని ఇళ్లలో మాత్రం మూకుట్లోకి వెళ్తుంది. మర్నాడు పొద్దున వేడన్నంలో పచ్చడిగా వస్తుంది.

మనం ఇవాళ మాట్లాడుకునేది ఈ రెండో రకం ఇళ్ల గురించి. బీరపొట్టు పచ్చడి తెలుగువాళ్లకు కొత్త కాదు. తోటకూర కాడల పులుసు కొత్త కాదు. చింతచిగురు కోసం ఎండాకాలమంతా ఎదురుచూసే జనం మనం. ఆషాఢంలో మునగాకు తినాలని చాలా ఇళ్లలో ఇప్పటికీ పట్టుబడతారు. అలవాటు ఉంది. కానీ అది నాలుగైదు వంటకాల దగ్గరే ఆగిపోయింది. బీరపొట్టు దాచే ఇంట్లోనే సొరకాయ చెక్కు పారేస్తారు. తోటకూర కాడ వండే ఇంట్లోనే కాలీఫ్లవర్ కాడ పారేస్తారు. ముల్లంగిని ఇంటికి తెచ్చుకుంటారు, దాని ఆకుల్ని బజార్లోనే తుంచి ఇచ్చేస్తారు.

మరి ఏది వండాలి, ఏది పారేయాలి? దీనికి పెద్ద పట్టిక అక్కర్లేదు. రెండు పరీక్షలు చాలు. ఒకటి గోరు, రెండోది నాలుక. గోటితో నొక్కితే సులువుగా దిగాలి. పచ్చి ముక్క నాలుకకు తగిలిస్తే చేదు ఉండకూడదు. ఈ రెండూ గుర్తుంచుకోండి. గోరు దిగాలి, చేదు ఉండకూడదు. మిగతా ప్రసంగమంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ముందు గోటి సంగతి. సొరకాయ కొనేటప్పుడు, బెండకాయ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు గోటితో గిల్లి చూడటం మీకు తెలుసు. అక్కడ వాళ్లు చూసేది లేతదనం. కాయ లేతగా ఉన్నప్పుడు దాని పైపొరలో ఉండే పీచు మెత్తగా ఉంటుంది. ఉడికిస్తే ఇంకా మెత్తబడుతుంది. కాయ ముదిరే కొద్దీ ఆ పొరలో లిగ్నిన్ అనే పదార్థం చేరుతుంది. చెట్టు కొమ్మను కట్టెగా గట్టిపరిచేది కూడా ఇదే. లిగ్నిన్ చేరిన పీచు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. మిక్సీలో వేసినా నారలు నారలుగా తేలుతుంది. పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. అందుకే గోరు దిగని తొక్కతో కుస్తీ పట్టొద్దు. దాన్ని కంపోస్టుకు వేయండి, లేదా పశువులుంటే వాటికి పెట్టండి.

పీచు ఎందుకు కావాలో రెండు మాటల్లో చెప్పుకుందాం. మనం తినే తెల్ల బియ్యంలో తవుడు పోయింది కాబట్టి పీచు తక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం, రోజుకు 2,000 కిలోక్యాలరీల ఆహారం తినేవారికి 30 గ్రాముల దాకా పీచు అందాలి. మూడు పూటలా తెల్లన్నం, పలచని చారు, కాస్త వేపుడు తింటే ఆ లెక్క దరిదాపుల్లోకి కూడా రాదు. పీచు రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక రకం నీళ్లలో జిగురులా మారి, అన్నంలోని చక్కెర రక్తంలోకి చేరడాన్ని నెమ్మది చేస్తుంది. రెండో రకం నీటిని పట్టి ఉంచి, పేగుల్లో మలం గట్టిపడకుండా సాగేలా చూస్తుంది. కూరగాయల పొట్టులో, కాడల్లో ఎక్కువగా ఉండేది ఈ రెండో రకం.

ఇక్కడ ఒక సందేహం చాలామందికి వస్తుంది. వేయిస్తే, రుబ్బితే పీచు పోతుందా? పోదు. వేడికి పీచు మెత్తబడుతుంది గానీ మాయమవదు. రుబ్బితే చిన్న చిన్న ముక్కలవుతుంది, అంతే. పీచు పోయేది వడకట్టినప్పుడు. పొట్టును ఉడికించి, పిండి, ఆ రసంతో చారు పెట్టి పిప్పి పారేస్తే, కావలసిన భాగాన్నే పారేసినట్టు. పచ్చడి, కూర, పప్పు, పొడి, వీటిలో ఏది చేసినా పీచు మన కంచంలోనే ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. పొట్టు పచ్చడి ఒక్కటే తిని 30 గ్రాముల లెక్క తీరదు. 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 9 గ్రాముల పీచు ఉంటుంది. 100 గ్రాముల తోటకూర ఆకులో దాదాపు 4 గ్రాములు. పప్పులు, ముడి ధాన్యాలు, ఆకుకూరలు పెద్ద వాటా మోస్తాయి. పొట్టు, కాడ, లేతాకు ఆ వాటాకు పైన చేరే అదనం. ఖర్చు లేకుండా చేరే అదనం.

సరే, ఇప్పుడు బీరపొట్టు దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ ఒక్క పచ్చడి సరిగ్గా చేయడం వస్తే, మిగతా తొక్కలన్నిటికీ దారి దొరికినట్టే. కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్పుకుందాం.

బీరకాయను చెక్కు తీయకముందే కడగాలి. చాలామంది చెక్కు తీశాక లోపలి ముక్కను కడుగుతారు. పొట్టు వాడేటప్పుడు ఆ వరస మారాలి. బీరకాయ పైభాగం గరుకుగా ఉంటుంది. ఆ గరుకులో మట్టి, మందు అవశేషాలు నిలుస్తాయి. కుళాయి కింద పారే నీళ్లలో, వేళ్లతో రుద్దుతూ, ఈనెల మధ్య సందులు కూడా తగిలేలా కడగండి. తర్వాత ఒక పది నిమిషాలు ఉప్పునీళ్లలో ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. పైపైన అంటుకున్న మందు దీనితో కొంతవరకు పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు మాత్రం ఎంత కడిగినా పోదు. ఆ మాట నిజాయతీగా చెప్పాలి. అందుకే వీలైన చోట తెలిసిన రైతు దగ్గర కొన్నవి, పెరటిలో కాసినవి, మేడ మీద కుండీల్లో కాసినవి పొట్టు వంటలకు మొదట ఎంచుకోవాలి. మెరిసే మైనం పూతతో వచ్చే కీరా లాంటి వాటి చెక్కు పక్కన పెట్టేయడమే మంచిది.

కడిగాక రుచి చూడాలి. బీరకాయ తల దగ్గర చిన్న ముక్క కోసి నాలుకకు తగిలించండి. చేదుగా ఉంటే ఆ కాయను కూరకు కూడా వాడకండి. ఎందుకో తర్వాత చెప్పుకుందాం. చేదు లేకపోతే ముందు ఈనెలు గీసేయండి. నిట్టనిలువుగా పొడుచుకొచ్చిన ఆ గట్టి అంచులు లేత కాయలో మెత్తగా ఉంటాయి, ముదురు కాయలో చెక్కలా ఉంటాయి. గోటితో చూడండి. గోరు దిగకపోతే ఈనెల్ని విడిగా పారేయండి. ఆ తర్వాత వచ్చే పలచని చెక్కు మాత్రం ఉంచుకోండి. పచ్చడి నార నారగా వచ్చిందని వాపోయే వాళ్లలో చాలామంది ఈ ఈనెల్ని కలిపి రుబ్బినవాళ్లే.

అరకిలో కాయల పొట్టు అనుకుందాం. మూకుట్లో రెండు చెంచాల నూనె వేయండి. ఒక చెంచా మినప్పప్పు, ఒక చెంచా శనగపప్పు, పావు చెంచా మెంతులు, అర చెంచా జీలకర్ర, ఐదారు ఎండుమిరపకాయలు వేసి దోరగా వేయించి తీసేయండి. అదే మూకుట్లో ఇంకొక చెంచా నూనె వేసి పొట్టు వేయండి. సన్నని మంట మీద కలుపుతూ ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించండి. తొందరపడేది ఇక్కడే. పొట్టు మొదట నీరు వదులుతుంది, ముద్దగా అవుతుంది. అప్పుడు దించేస్తే పచ్చడికి పసరు వాసన వస్తుంది. ఇంకాస్త ఆగాలి. నీరు ఇగిరిపోయి, పొట్టు ముడుచుకుని, ముదురాకుపచ్చకు తిరిగి, గరిటెతో కదిపితే పొడిపొడిగా విడివడాలి. అప్పుడు ముక్కుకు పచ్చివాసన తగలదు. అదీ గుర్తు.

చిన్న ఉసిరికాయంత చింతపండు అదే వేడిలో పొట్టు మీద వేసి మూత పెడితే మెత్తబడుతుంది. చల్లారాక ముందు వేయించిన పప్పుల్ని, మిరపకాయల్ని, ఉప్పుతో కలిపి మిక్సీలో పొడి చేయండి. తర్వాత పొట్టు, చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి కచ్చాపచ్చాగా తిప్పండి. నీళ్లు రెండు మూడు చెంచాలకు మించకూడదు. రోలు ఉన్నవాళ్లు రోట్లో నూరితే ఇంకా బాగుంటుంది, పొట్టు పంటికి తగులుతుంది. ఆవాలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెడితే పచ్చడి సిద్ధం. తెలంగాణలో ఇందులో వేయించిన నువ్వులు వేస్తారు. రాయలసీమలో వేరుశనగ గుళ్లు వేస్తారు. రెండూ పొట్టులోని వగరును తగ్గిస్తాయి. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవ ఉంటుంది.

ఒక రోజు పొట్టు పచ్చడికి సరిపోకపోవచ్చు. ముఖ్యంగా ఇద్దరే ఉండే ఇంట్లో. అప్పుడు ఒక పని చేయండి. పొట్టును కడిగి, తుడిచి, సన్నగా తరిగి, పళ్లెంలో పరిచి నీడన ఆరబెట్టండి. పూర్తిగా ఎండి గలగలలాడాలి. ఎక్కడైనా మెత్తగా ఉంటే బూజు పడుతుంది. నాలుగైదు రోజుల పొట్టు ఇలా కూడబెట్టి, నూనెలో కరకరలాడేలా వేయించి, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పుతో కొడితే కారప్పొడి అవుతుంది. ఇడ్లీకి, దోసెకు, అన్నానికి పనికొస్తుంది. తడి లేని సీసాలో రెండు వారాలు హాయిగా ఉంటుంది.

ఇదే దారిలో సొరకాయ చెక్కు కూడా నడుస్తుంది. లేత సొరకాయ చెక్కు బీరపొట్టు కన్నా కాస్త మందం. కాబట్టి సన్నగా అగ్గిపుల్లల్లా తరిగి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గనిచ్చి, తర్వాత మూత తీసి వేయించాలి. నువ్వులు చల్లితే అదే వేపుడు. బెంగాలీలు ఈ సొరచెక్కు వేపుడును ఎంతో ఇష్టంగా తింటారు. పచ్చి అరటికాయ తొక్కతో కూడా వాళ్లు పచ్చడి నూరుతారు. కన్నడ ఇళ్లలోనూ బీరపొట్టు చట్నీ చేస్తారు.

అరటికాయ తొక్కకు ఒక జాగ్రత్త. అందులో జిగురు, వగరు ఎక్కువ. కోసిన వెంటనే నల్లబడుతుంది. చేతులకు నూనె రాసుకుని తొక్క తీయండి. పుల్లటి మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తే నలుపు తగ్గుతుంది. ఆ తర్వాత కాస్త చింతపండు, పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, అప్పుడు వేయించి నూరాలి. ఉడికించకుండా నేరుగా వేయిస్తే వగరు పోదు, నోరు పట్టేస్తుంది. మొదటిసారి చేసి బాగాలేదని వదిలేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

పుచ్చకాయ మాటా చెప్పుకోవాలి. ఎర్ర గుజ్జుకూ ఆకుపచ్చ తొక్కకూ మధ్య తెల్లని మందపాటి భాగం ఉంటుంది. పైన ఆకుపచ్చ పొర చెక్కేస్తే, ఆ తెల్ల భాగం అచ్చం సొరకాయలా ఉడుకుతుంది. పెసరపప్పు వేసి కూర చేయొచ్చు. బియ్యంతో కలిపి రుబ్బి దోసెలు పోయొచ్చు. ఎండాకాలం వీధి వీధికీ పుచ్చకాయలు వస్తాయి. ఆ రోజుల్లో ఒక్క కాయ తొక్కతో ఇంటికి ఒక పూట కూర గడుస్తుంది.

ఇక కాడల దగ్గరికి వద్దాం. కాడలకు గోటి పరీక్షతో పాటు ఇంకొకటి ఉంది. కాడను రెండు చేతులతో పట్టుకుని వంచండి. పుటుక్కున విరిగితే లేత. వంగుతూ, సాగుతూ, విరగకుండా నార పట్టుకుంటే ముదురు. ముదురు కాడను కూడా వెంటనే పారేయనక్కర్లేదు. విరిచిన చోట నారను పట్టి కిందికి లాగితే పైపొర ఊడి వస్తుంది. లోపల లేత బోద మిగులుతుంది.

తోటకూర కాడల పులుసు మన ఇళ్లలో ఉన్నదే. అయినా కొత్తగా వంట నేర్చుకునేవాళ్ల కోసం చెబుతాను. వేలెడు లావున్న కాడలు ఎనిమిదో పదో తీసుకోండి. నార తీసి, రెండంగుళాల ముక్కలు కోయండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో మగ్గాక కాడలు వేసి, మునిగేటన్ని నీళ్లు, పసుపు, ఉప్పు వేసి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఉడికించండి. ముక్కను నొక్కితే మెత్తగా నలగాలి. అప్పుడు మాత్రమే నిమ్మకాయంత చింతపండు పులుసు పోయాలి. పులుపు ముందే పోస్తే కాడ ఉడకడం ఆగిపోతుంది. పులుపు తగిలిన పీచు అంత తొందరగా మెత్తబడదు. మామిడికాయ పప్పులో పప్పు ముందుగా ఉడికించుకోవడానికీ ఇదే కారణం. చివర్లో చిన్న బెల్లం ముక్క, చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి ఒక పొంగు రానిస్తే చాలు.

కాలీఫ్లవర్ కొంటే పువ్వుతో పాటు లావుపాటి కాడ, చుట్టూ ఆకులు వస్తాయి. వాటి బరువుకు కూడా మనం డబ్బిస్తున్నాం. మధ్య కాడకు పైన మందమైన తోలు ఉంటుంది, దాన్ని చాకుతో చెక్కేయండి. లోపలి తెల్ల భాగాన్ని చిన్న ముక్కలుగా కోసి, నానిన శనగపప్పుతో కూర వండండి. చుట్టూ ఉన్న ఆకుల్లో లోపలి వరస లేతగా ఉంటుంది. మధ్య ఈనె తీసి, సన్నగా తరిగి పప్పులో వేయండి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే దాక్కున్న పురుగులు బయటికి వస్తాయి.

కొత్తిమీర కాడల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ఆకులో ఉన్న సువాసన కాడలోనూ ఉంటుంది. వేళ్లు మాత్రం కోసేసి, కాడల్ని పచ్చళ్లలో, చారులో, దోసె పిండిలో వాడుకోవచ్చు.

మూడోది లేతాకు. ముల్లంగి దగ్గర చూద్దాం. ఆకులతో ఉన్న ముల్లంగి కొని అలాగే ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఆకులు వాడిపోతాయి. దుంప కూడా మెత్తబడుతుంది. ఆకులు దుంపలోని నీటిని లాగుతూనే ఉంటాయి కాబట్టి అలా అవుతుంది. ఇంటికి రాగానే ఆకుల్ని వేరు చేయండి. దుంప నిలవ ఉంటుంది, ఆకు ఆ పూటే వండుకోవచ్చు. మధ్యలో ఉన్న చిన్న ఆకులు లేతవి. అంచున ఉన్న పెద్ద ఆకులకు నూగు ఎక్కువ, ఘాటు ఎక్కువ. ఆకుల మొదట్లో ఇసుక ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, ఆకుల్ని ముంచి, పైకి తీసి, అడుగున ఇసుక కనిపించనంత వరకు నీళ్లు మార్చండి. తర్వాత సన్నగా తరిగి, వెల్లుల్లి తాలింపులో మగ్గించి, పలుకుగా ఉడికిన పెసరపప్పు కలపండి. పెసరపప్పు ముల్లంగి ఘాటును తగ్గిస్తుంది. పిల్లలు మొదట ముఖం తిప్పుకుంటే, ఇదే తరుగును చపాతీ పిండిలో కలిపి చూడండి.

ఊళ్లలో ఉన్న శ్రోతలకు ఒక మాట. పెరట్లో గుమ్మడి పాదు ఉంటే దాని చిగుళ్లు మంచి కూర. తీగ చివర ఉన్న జానెడు కొమ్మ, దాని రెండు మూడు లేతాకులతో సహా తుంచుకోవచ్చు. కాడ మీది నార లాగేయాలి. ఆకు మీది నూగు ఉడికితే తెలియదు. కొస తుంచితే పాదు పక్క కొమ్మలు వేస్తుంది. అయితే ఒకేసారి అన్ని కొసలూ తుంచితే కాయలు తగ్గిపోతాయి. చిలగడదుంప తీగ లేతాకులు, అలసంద లేతాకులు, బీట్‌రూట్ ఆకులు కూడా ఇదే వరసలో వండుకోవచ్చు.

ఇంతవరకూ తినదగినవి చెప్పుకున్నాం. ఇప్పుడు తినకూడనివి. దయచేసి ఈ భాగం శ్రద్ధగా వినండి.

మొదటిది చేదు సొరకాయ. సొర, బీర, దోస జాతి కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం పేరుకుంటుంది. అది విషం. ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆ విషయం మీద నిపుణుల కమిటీని కూడా వేసింది. వాళ్లు చెప్పిన సలహా కూడా ఇదే. ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుంటే కాయ మొత్తం పారేయండి. ఉప్పు వేసి, బెల్లం వేసి చేదును కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. కాకరకాయ చేదు వేరు, దాని సంగతి ఇది కాదు. సొర, బీర, దోస, పొట్ల, వీటికి చేదు రాకూడదు. తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపులో విపరీతమైన నొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది ఆలుగడ్డ. మంచి ఆలుగడ్డను తొక్కతో వండుకోవచ్చు. కానీ తొక్క ఆకుపచ్చగా మారినా, మొలకలు వచ్చినా అందులో సొలనిన్ పెరిగిందని గుర్తు. అదీ ఉడికితే పోదు. కొద్దిగా ఆకుపచ్చ ఉంటే ఆ భాగాన్ని లోతుగా కోసి పారేయాలి. ఎక్కువగా ఉంటే గడ్డనే పారేయాలి. ఆలుగడ్డ ఆకులు, టమాటా ఆకులు కూరకు పనికిరావు. ఆకు లేతగా ఉన్నంత మాత్రాన తినదగినదని కాదు. పెద్దలు వండగా చూసిన ఆకునే వండండి.

మూడోది కర్రపెండలం. దాని తొక్కలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ఆ తొక్కను పూర్తిగా తీసేయాలి. అందులో వాడుకునేది ఏమీ లేదు. చేమ, కంద ఆకులు, కాడలు గొంతు దురద పెడతాయని మీకు తెలుసు. వాటిని చింతపండు వేసి బాగా ఉడికించడం తెలిసినవాళ్లే వండాలి.

కొందరు శ్రోతలకు ప్రత్యేకంగా చెప్పాలి. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారికి తోటకూర, బీట్‌రూట్ ఆకుల్లో ఉండే ఆక్సలేట్ ఇబ్బంది పెట్టవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు పనితీరు మారుతుంది. ఈ ఇద్దరూ డాక్టరును అడిగాకే మార్పు చేయాలి. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా పీచును మెల్లగా పెంచాలి. ఒకే రోజు పొట్టు పచ్చడి, కాడల పులుసు, ఆకు పప్పు మూడూ పెట్టుకుంటే కడుపు ఉబ్బరిస్తుంది. మొదటి వారం ఒకటి, తర్వాత రెండు. నీళ్లు సరిపడా తాగాలి. నీళ్లు తక్కువైతే పీచు ఎక్కువైనా మలబద్ధకం తగ్గకపోగా పెరుగుతుంది.

చెత్త సంగతి కూడా ఒక నిమిషం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, మన దేశంలో ఇళ్ల నుంచి మనిషికి ఏడాదికి సగటున 55 కిలోల ఆహారం వ్యర్థమవుతోంది. ఈ లెక్కలో మిగిలిన అన్నం, కూరలతో పాటు తొక్కలు, గింజలు, ఎముకల్లాంటి తినని భాగాలు కూడా కలిసే ఉన్నాయి. తడి చెత్త గుట్టల్లో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది. భూమి వేడెక్కడానికి కారణమయ్యే వాయువుల్లో అదొకటి. ఇంట్లో వండుకోగలిగింది వండుకుని, గోరు దిగని మిగతాదాన్ని కంపోస్టుకు వేస్తే, చెత్తబండికి ఇచ్చే తడి చెత్త బాగా తగ్గుతుంది.

ఇది రోజూ సాగాలంటే వంటింట్లో చిన్న ఏర్పాటు చాలు. కూరలు తరిగేటప్పుడు పక్కన రెండు గిన్నెలు పెట్టుకోండి. ఒకదాంట్లో తినదగిన పొట్టు, కాడలు, లేతాకులు. రెండోదాంట్లో పారేసేవి. కుప్పగా కలిసిపోయాక వేరు చేయడం ఎవరికీ కుదరదు. తరిగేటప్పుడే వేరు చేస్తే అదనపు పని ఉండదు. మొదటి గిన్నెలోది అదే రోజు వండేయాలి. కుదరకపోతే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వండాలి. జిగటగా మారినా, పుల్లటి వాసన వచ్చినా వాడొద్దు.

ఈ వారం ఇంటికి బీరకాయలు వచ్చినప్పుడు, చెక్కు తీయకముందే కడగండి. తల దగ్గర ముక్క రుచి చూడండి. చేదు లేదని తేలాక ఈనెలకు గోరు తగిలించి చూడండి. పొట్టును నీరు ఇగిరిపోయేదాకా వేయించండి. ఆ ఒక్క పచ్చడి మీ చేతికి వచ్చాక సొరచెక్కు మొదలుపెట్టండి.